చేతులతో నేర్చుకునే పిల్ల

ఆగస్టులో నాన్న పోయిన దగ్గర్నుంచీ ఐలా నీమికి ఏడుపు రాలేదు. కోపమూ రాలేదు. పన్ను పీకే ముందు డాక్టరిచ్చే మత్తు సూది చిగుళ్ళ దగ్గర ఆగకుండా ఒళ్ళంతా పాకినట్టుంది ఆమెకి. సెప్టెంబరులో టీచరు ట్రైనింగు మొదలైంది, వెళ్ళింది. ఏళ్ళ తరబడి కాగితం మిల్లు ఆఫీసులో పనిచేసి, మిల్లు మూతపడ్డాక, ముప్ఫయ్యారేళ్ళ వయసులో కుర్రకారు మధ్య కూచుని పాఠాలు వింటూంటే చుట్టాలంతా "ఎంత ధైర్యం నీకు" అన్నారు. ధైర్యమూ లేదు, పాడూ లేదు. ఏమీ అనిపించని మనిషికి ధైర్యంతో పనేముంది.

ఆ కోర్సులో మార్కుల్లో పెద్ద వాటా ఒక వ్యాసానిది. కొందరు పిల్లలు కళ్ళతో నేర్చుకుంటారు, కొందరు చెవులతో, కొందరు చేతులతో. ఎవరి తీరుకి తగ్గట్టు వాళ్ళకి చెబితే చదువు బాగా వస్తుందని ఒక నమ్మకం ఉంది కదా. అది ఎందుకు తప్పో, తప్పని తేలి ఇన్నేళ్ళయినా టీచర్లు దాన్ని ఎందుకు వదలరో విమర్శనాత్మకంగా రాయాలి. ప్రొఫెసర్ లోయిస్ టెంప్లర్ ఆ మాట బోర్డు మీద రాసి, కింద రెండు గీతలు గీసి, "మొదటి సగం ఎవరైనా రాస్తారు. నాకు రెండో సగం కావాలి," అంది.

తమాషా ఏమిటంటే, ఆ క్లాసు అయ్యాక అదే కాలేజీ తన విద్యార్థులకి పాఠ్య ప్రణాళిక నమూనా పంచిపెట్టింది. స్కూల్లో చెప్పే ప్రతి పాఠానికీ అది నింపాలి. అందులో మూడు గడులు: కన్ను, చెవి, చెయ్యి. ఏ పిల్లలకి ఏ తీరులో చెబుతారో రాయకపోతే ప్రణాళిక వెనక్కొస్తుంది. "ఇదేమిటండీ?" అని వెనక బెంచీ నుంచి ఎవరో అడిగితే, ప్రొఫెసర్ మొహం గంటు పెట్టుకుని, "ఆ నమూనా వేరే కమిటీది," అంది. అందరూ నవ్వారు. ఐలా నవ్వలేదు, గడులు నింపడం మొదలుపెట్టింది. పగలు స్కూల్లో ఆ మూడు గడులూ నింపడం, ఇంటికొచ్చి అవి ఎందుకు చెత్తో రాయడం. రెండూ ఒకే పెన్నుతో చేసింది, చెయ్యి ఎక్కడా తడబడలేదు.

స్కూల్లో ఆమెని బెవర్లీ పెట్రిషిన్ దగ్గర వేశారు; తోటి టీచర్లకి బెవ్. రెండో తరగతి. ముప్ఫై ఏళ్ళకి పైగా అదే బడిలో, అదే గదిలో చెబుతున్న మనిషి. బజారుకెళ్తే అరగంట పనికి రెండు గంటలు పడుతుంది, అడుగడుక్కీ ఎవరో ఒకరు ఆపి "మిసెస్ పెట్రిషిన్, గుర్తున్నానా?" అంటారు. ఆవిడకి గుర్తుంటారు కూడా. శుక్రవారాలు స్టాఫు గదికి గులాబీ రంగు పాకం పూసిన దాల్చినచెక్క రొట్టెలు తెచ్చి, తనొక్కటీ తినకుండా అందరిచేతా తినిపించేది. అలాంటి మనిషి మీద కోపం తెచ్చుకోవాలంటే ఎవరికైనా కష్టమే, ఇక ఐలా సంగతి చెప్పాలా.

బెవ్ తరగతిలో ఒక ఆచారం ఉంది. సెప్టెంబరు మొదటి వారం ఆవిడ పిల్లల్ని ఒక్కొక్కళ్ళనే పిలిచి ప్రశ్నలు అడుగుతుంది. కొత్త బొమ్మ ఇస్తే ముందు ఏం చేస్తావు? పాట వింటే గుర్తుంటుందా? ఊరికే కూచోబెడితే కాళ్ళు ఊపుతావా? ఏడేళ్ళ పిల్లల్లో కాళ్ళు ఊపనివాడెవడో నాకైతే తెలీదు. జవాబుల్ని బట్టి బల్ల మీద ఒక స్టిక్కరు అంటిస్తుంది: కన్నో, చెవో, చెయ్యో. జూన్ దాకా ఆ పిల్ల అదే. పిల్లలు కూడా ఒకళ్ళనొకళ్ళు అలాగే పిలుచుకుంటారు. "ఒరే, నువ్వు చెవిగాడివి, నీకెందుకురా బొమ్మలు?"

బ్రీ వెలెట్ చేతి పిల్ల. పుస్తకాలు తెరిచే గంట రాగానే చేతి పిల్లలు కిటికీ పక్కనున్న ఇసుక బల్ల దగ్గరికెళ్ళి, అక్షరాల్ని ఇసుకలో గీస్తారు, బంకమట్టితో చేస్తారు. బ్రీ చేసే అక్షరాలు చూడముచ్చటగా ఉంటాయి. మలుపులన్నీ వేలితో నునుపు చేసి, కొసలకి చిన్న పువ్వులు పెడుతుంది. అక్టోబరులో ఒకరోజు ఐలా పక్కన కూచుని, "ఇది ఏ శబ్దం చేస్తుందే?" అని అడిగింది. బ్రీ అక్షరం వంక చూసింది, ఐలా వంక చూసింది.

"ఇది గోధుమరంగు మట్టితో చేశాను, టీచర్."

"బావుంది. కానీ నోటితో ఎలా పలుకుతాం?"

"నేను నోటితో కాదు కదా," అంది బ్రీ, తెలియని పిల్లకి చెప్పినట్టు ఓపిగ్గా. "నేను చేతులు."

ఐలా ఇంకో అక్షరం అడిగింది, ఇంకోటి అడిగింది. అక్షరాల్లో సగానికి సగం బ్రీకి బొమ్మలే. రెండు శబ్దాలు కలిపి మాట పలకడం అసలే రాదు. మిగతా పిల్లలు పుస్తకం పట్టుకుని శబ్దాలు కూడబలుక్కుంటున్నంతసేపూ ఈ పిల్ల పువ్వులు చేస్తోంది. చదవడం రావాలంటే అక్షరానికీ శబ్దానికీ ముడి పడాలి. ఇసుకలో గీసినా, పలక మీద రాసినా, గాల్లో రాసినా, ఆ ముడి వెయ్యకపోతే అది ఒట్టి గీతే. ఇది చూసిన ఎవరికైనా గుండె కలుక్కుమనాలి. ఐలాకి అననందుకు ఆమెకే కొంచెం ఆశ్చర్యం వేసింది, అంతే.

ఆ నెలాఖర్లో ఒక సాయంత్రం కుర్చీలు ఎత్తిపెడుతూ బెవ్‌తో అంది.

"బ్రీకి చదవడం ఎక్కడ ఆగిందో చూసే పరీక్షకి పంపాలి, బెవ్. నిపుణురాలు డిసెంబరులో వస్తుందట. పేర్లు నవంబరు మధ్యకల్లా ఇవ్వాలి. ఈసారి దాటితే మళ్ళీ వచ్చే ఏడాదే."

"తల్లి సంతకం కావాలమ్మాయ్."

"పంపించాను. సంచీలో మూడుసార్లు పెట్టాను. మూడుసార్లూ పెట్టింది పెట్టినట్టే వచ్చింది."

"ఆవిడ అంతే," అంది బెవ్. "ఏ కాగితం పంపినా ఉలుకూ పలుకూ ఉండదు. ఫోన్ చేస్తే మాత్రం పరిగెత్తుకొస్తుంది."

పిల్ల గొడవ పట్టని తల్లి అని ఐలా మనసులో ఒక గీత గీసి పెట్టుకుంది. టీచర్లకి ఇలాంటి గీతలు గీయడం ఎవరూ నేర్పక్కర్లేదు, కోర్సు మొదటి నెల్లోనే వచ్చేస్తుంది.

"బెవ్, ఒక మాటడుగుతాను, ఏమీ అనుకోరు కదా? ఆ కన్నూ చెవీ సంగతి నిజం కాదని ఇప్పుడు అందరూ అంటున్నారు."

బెవ్ కుర్చీ దించేసి దాని మీదే కూచుంది. "తెలుసు. ప్రతి ఏడూ నీలాంటి పిల్ల ఒకతి వచ్చి నాకు చెబుతూనే ఉంటుంది. పోనీ, నువ్వు చెప్పు. ఒక తల్లి పని మానుకుని వచ్చి ఆ చిన్న కుర్చీలో మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూచుని, 'మా పిల్ల మొద్దా?' అనడుగుతుంది. ఏం చెబుతావు?"

ఐలా చేతిలోని కుర్చీని బల్ల మీదకి ఎత్తిపెట్టింది.

"నేను చెబుతాను. 'కాదమ్మా, మీ పిల్ల వేరే తీరులో నేర్చుకుంటుంది' అంటాను. ఆ ఒక్క మాటకి ఎంతమంది తల్లులు కళ్ళు తుడుచుకుని ఇంటికెళ్ళారో నాకు తెలుసు. మీ ప్రొఫెసరుకి తెలీదు. నా దగ్గర్నుంచి ఆ మాట లాక్కుంటే బదులేమిస్తారు? ఒక పట్టికా?"

ఐలా ఇంటికెళ్ళి దాన్ని యథాతథంగా వ్యాసంలో పెట్టింది. 'అనుభవజ్ఞురాలైన ఒక ఉపాధ్యాయిని' అని రాసింది. ఆ రాత తప్పనిపించలేదు. ఒప్పనీ అనిపించలేదు.

వ్యాసం బాగా కుదిరింది. మనుషులకి ఇష్టాలుంటాయి, ఆ మాట కాదనడం లేదని మొదలుపెట్టింది. ఒకరికి బొమ్మ చూడటం ఇష్టం, ఒకరికి వినడం ఇష్టం. కానీ ఇష్టమైన తీరులో చెబితే ఎక్కువ వస్తుందా అన్నది వేరే ప్రశ్న. అది తేల్చాలంటే కంటివాళ్ళలో కొందరికి చూపించి, కొందరికి వినిపించి, చెవివాళ్ళకీ అలాగే చేసి, చివర అందరికీ ఒకటే పరీక్ష పెట్టాలి. కంటివాళ్ళు చూసినప్పుడూ చెవివాళ్ళు విన్నప్పుడూ నెగ్గితేనే ఆ నమ్మకం నిలుస్తుంది. జాగ్రత్తగా చేసిన చోట అలా తేలడం లేదు. ఎలా చెప్పాలన్నది పిల్లని బట్టి కన్నా పాఠాన్ని బట్టి ఉంటుంది: ఊరి పటం ఎవరికైనా చూపించాల్సిందే, పిట్ట కూత ఎవరికైనా వినిపించాల్సిందే.

రెండో సగంలో, టీచర్లు ఎందుకు వదలరో రాసింది. వాళ్ళు చదివిన పుస్తకాల్లోనే అది ఉంది, వాళ్ళు నింపే నమూనాల్లో ఇంకా ఉంది. మూడు రకాలుగా చెబితే పాఠం నిజంగానే బాగా ఎక్కుతుంది, కానీ అది అందరికీ ఎక్కుతుంది. ఆ ఘనత స్టిక్కరు ఖాతాలో పడుతుంది. ఇసుక బల్ల దగ్గర కుదురుగా కూచున్న పిల్ల కళ్ళకి కనిపిస్తుంది, అక్కడ కూచుని నేర్చుకోనిది కనిపించదు. అన్నిటికీ మించి అది దయగల మాట. 'దయ ఇక్కడ సాక్ష్యం స్థానాన్ని ఆక్రమించింది' అని చివరి వాక్యం రాసి, కంప్యూటరు మూసి, నిద్రపోయింది.

నవంబరు రెండో వారానికల్లా వ్యాసం తిరిగొచ్చింది. క్లాసులో అందరికంటే ఎక్కువ మార్కు. ప్రొఫెసర్ టెంప్లర్ ఆమెని ఆపి, "ఎక్కడా ఆవేశం లేదు ఐలా, అది నాకు బాగా నచ్చింది. వచ్చేవారం అందరి ముందూ చదువుతారా?" అంది.

"సరేనండి," అంది ఐలా. నాన్న ఉంటే ఫోన్ చేసి చెప్పేదాన్ని కదా అని ఒక ఆలోచన వచ్చి, ఎక్కడా తగలకుండా పోయింది.

ఆ గురువారం సాయంత్రం తల్లిదండ్రుల్ని కలిసే రోజు. ఉదయం నుంచీ మంచు కురుస్తోంది. బెవ్‌కి గొంతు పూర్తిగా పోయింది. ప్రతి నవంబరూ పోతుందట, ఈసారి గుసగుస కూడా లేదు. మెడకి మఫ్లరు చుట్టుకుని, తేనె కలిపిన వేడినీళ్ళు పట్టుకుని, పక్కన కూచుంటాను, నువ్వే మాట్లాడు అని సైగ చేసింది. బ్రీ పరీక్ష కాగితాన్ని ఐలా ఫైల్లోంచి తీసి చూపించింది. బెవ్ కాసేపు దాన్ని చూసి, నీ ఇష్టం అన్నట్టు చెయ్యి తిప్పింది. రేపటితో గడువు ఆఖరు. ఈ సాయంత్రం సంతకం పడకపోతే బ్రీ ఇంకో ఏడాది పువ్వులు చేసుకుంటూ కూచుంటుంది. ఐలా ఏం చెప్పాలో మనసులో వరస వేసుకుంది. వ్యాసమే రాసినదానికి ఇదేం లెక్క.

తల్లులూ తండ్రులూ ఒకరి తర్వాత ఒకరు వచ్చి వెళ్ళారు. చివర్లో బ్రీ తల్లి కారీ వెలెట్ వచ్చింది, బూట్ల నిండా మంచుతో. వృద్ధాశ్రమం వంటింట్లో పని; కోటు కింద ఆ నీలం చొక్కా, జుట్టు వంటలో పడకుండా కట్టే జాలీ ఇంకా అలాగే ఉన్నాయి. ముప్ఫైకి ఇటో అటో ఉంటుంది. ఏడేళ్ళ పిల్లలు కూచునే కుర్చీలో కూచుంటే మోకాళ్ళు పైకొచ్చాయి. బెవ్‌ని చూడగానే మొహం విప్పారింది.

"అయ్యో, గొంతు పోయిందా మీకు? మాట్లాడకండి, మాట్లాడకండి. అల్లం వేసుకోండి." తర్వాత ఐలా వైపు తిరిగింది, నవ్వు పోయింది. "చెప్పండి టీచర్. నాకు తెలుసు లెండి. ఇంటి దగ్గర చూస్తూనే ఉన్నాను. పక్కింటివాళ్ళ పిల్ల సీరియల్ డబ్బా మీదవన్నీ గడగడా చదివేస్తోంది, మాది కూచుని బొమ్మ చూస్తుంది. ఉన్నమాట చెప్పేయండి. మా పిల్ల మొద్దా?"

"కాదు," అంది ఐలా. కారీ కళ్ళలో నీళ్ళు నిలిచి ఉన్నాయి. కింది పెదవి పళ్ళతో పట్టుకుంది. తర్వాత చెప్పాల్సిన మాట ఐలా నాలుక మీదే ఉంది: బ్రీకి అక్షరాల శబ్దాలు రావు, వెనకబడింది, ఎందుకో కనుక్కోవాలి. నోరు తెరిచింది.

"బ్రీ చేతులతో నేర్చుకునే పిల్లండీ."

అన్నాక విన్నది. తన గొంతే. మెత్తగా, హాయిగా, ముప్ఫై ఏళ్ళ అనుభవమున్న టీచరు గొంతులా వచ్చింది. పక్కన బెవ్ కప్పు దించి ఆమె వంక చూసింది. ఆ చూపులో గెలిచానన్న గర్వం లేదు. అయ్యో నువ్వూనా అన్నట్టుంది.

కారీ ఊపిరి వదిలింది. భుజాలు కిందికి దిగాయి. అరచేత్తో కళ్ళు తుడుచుకుని నవ్వేసింది. చూస్తూ చూస్తూ ఎదటి మనిషి నెత్తిమీది బరువు దించడం ఎంత సులువో, ఎంత బావుంటుందో ఐలాకి తెలిసింది. ఆగస్టు తర్వాత ఆమెకి బావున్నదంటూ అనిపించిన మొదటి సంగతి అదే.

"హమ్మయ్య," అంది కారీ. "నా పోలికేనన్నమాట. మా ఆయనతో అంటూనే ఉన్నాను. నాకూ ఇదే చెప్పారు కదా, ఇదే గదిలో! గుర్తుందా మిసెస్ పెట్రిషిన్? నా బల్ల అదిగో, అక్కడుండేది. నాకూ చెయ్యి బొమ్మే. మా అమ్మ ఇంటికెళ్ళి మా నాన్నతో గొడవే పెట్టుకుంది, 'చూశావా, నా కూతురు మొద్దు కాదు, దానిది వేరే తీరు' అని."

బెవ్ తల ఊపింది. గుర్తుంది.

ఐలా చేతులు వాటంతట అవే కాగితాన్ని ముందుకు జరిపాయి. "ఇది... ఒక పరీక్ష గురించి. చదివి సంతకం పెడితే..."

కారీ కాగితాన్ని ముట్టుకోలేదు. ఒక వేలితో వెనక్కి నెట్టింది, ఏ సిగ్గూ లేకుండా, నాకు పాలు పడవు అన్నంత మామూలుగా.

"మీరే చదివి చెప్పండి టీచర్. నేను కళ్ళ రకం కాదుగా. వంటింట్లో కూడా ఎవరికేం పెట్టాలో నాకు నోటితోనే చెబుతారు. ఇంటి దగ్గర మా ఆయన చదువుతాడు, కానీ ఆయన ట్రక్కు మీద వెళ్తే రెండేసి వారాలు రాడు. అంతదాకా కాగితాలు ఫ్రిజ్ మీద ఉంటాయి. బ్రీ వాటిని మళ్ళీ సంచీలో పెట్టేసుకుంటుంది."

ఐలా వెనక్కొచ్చిన కాగితం వంక చూసింది. మూడుసార్లు పంపిన కాగితం. పిల్ల గొడవ పట్టని తల్లి. 'దయ సాక్ష్యం స్థానాన్ని ఆక్రమించింది.' ఐలా ఆ వాక్యాన్ని ఎంత శుభ్రంగా రాసింది! ఆ దయ తిన్న మనిషి ఎలా ఉంటుందో వ్యాసంలో ఎక్కడా లేదు. ఆ మనిషి జుట్టుకి జాలీతో ఎదురుగా కూచుని, ఆ మాటని మెడలో గొలుసులా ఇన్నేళ్ళూ వేసుకుని తిరిగి, ఇప్పుడు కూతురికీ వేయమని మెడ చాపుతోంది. ఐలాకి ఇన్నాళ్ళకి ఒకటి తగిలింది. నొప్పి. మత్తు దిగేటప్పుడు ముందు వచ్చేది అదే.

"కారీ గారూ, నేను ఇందాక చెప్పింది నిజం కాదు."

"ఏది?"

"చేతులతో నేర్చుకునే పిల్ల అన్నది. అలాంటి రకం లేదు. బ్రీకి మట్టి పనంటే ఇష్టం, అంతవరకే నిజం. చదవడం రాలేదు, ఎందుకంటే అక్షరాల శబ్దాలు దానికి రావు. చదివే గంటలో మేం దాన్ని ఇసుక దగ్గర కూచోబెట్టాం. మొద్దు కాదు. నేర్పితే వచ్చే అవకాశం బాగా ఉంది, కానీ నేర్పాలి. ఎక్కడ ఆగిపోయిందో చూడటానికే ఈ పరీక్ష. మీరు ఏడుస్తారని భయపడి నేను వేరే మాట చెప్పాను."

కారీ ఏడవలేదు. మొహంలో కదలికంతా ఆగిపోయింది. ఐలా వైపు కాదు, బెవ్ వైపు తిరిగింది.

"మరి నాకు చెప్పింది?"

బెవ్ నోరు తెరిచింది. గొంతు రాలేదు. ఇంకోసారి ప్రయత్నించింది, పెదవులు కదిలాయి, గాలి మాత్రం వచ్చింది. గొంతుంటే మాత్రం ఏమనేదో ఎవరికి తెలుసు. కారీ ఎదురుచూసింది, పిల్లలు టీచరు వంక చూసినట్టు, జవాబు ఆవిడ దగ్గర ఉండి తీరాలన్నట్టు. బెవ్ చివరికి బల్ల మీదుగా చెయ్యి చాపి కారీ చేతి మీద వేసి, అదీ నిజం కాదన్నట్టు తల అడ్డంగా ఊపింది. ఆవిడ కళ్ళ వెంట నీళ్ళు కారిపోతున్నాయి. కారీ ఆ చేతిని విదిలించలేదు, పట్టుకోనూ లేదు.

"పెన్నివ్వండి," అంది ఐలాతో.

ఐలా కాగితం మొత్తం పైనుంచి కిందిదాకా చదివి వినిపించింది. కారీ అడ్డు రాకుండా విని, చూపించిన చోట పేరు రాసింది. పేరొక్కటీ బాగా వచ్చు ఆమెకి. నెమ్మదిగా, మలుపులన్నీ నునుపుగా, బొమ్మ గీసినట్టు గీసింది. అచ్చం కూతురి చెయ్యి.

లేచి కోటు గుండీలు పెట్టుకుంది. తలుపు దాకా వెళ్ళి ఆగింది.

"ఆ పరీక్ష పెద్దవాళ్ళకి కూడా చేస్తారా?"

చేస్తారండీ, తప్పకుండా చేస్తారు, అన్న మాట ఐలా నోటి దాకా వచ్చింది. అది కూడా మంచి మాటే, చెబితే ఆమె తేలిగ్గా ఇంటికెళ్తుంది. ఐలా దాన్ని మింగేసింది. కళ్ళు మసకబారాయి, ఇన్ని నెలల తర్వాత, ఇలాంటి చోట, ఈ చిన్న కుర్చీల మధ్య.

"నాకు తెలీదండీ. కనుక్కుంటాను. కనుక్కుని మీకు రాసి..."

"ఫోన్ చెయ్యండి," అంది కారీ. "కాగితం మాత్రం పంపకండి."